ఒక్క పేజీలో ప్రపోజల్ ఎలా సర్దాలి: ఒక స్కూల్ నీళ్ళ ట్యాంక్ లెక్క

ప్రశ్న: మా ఊరి హైస్కూల్‌కి పాత విద్యార్థుల తరఫున ఒక కంపెనీ వాళ్ళని సాయం అడుగుతున్నామండీ. "ఒక్క పేజీలో ప్రపోజల్ పంపండి, సమస్య, ఏం చేస్తారు, ఎంత ఖర్చు, ఏం ఫలితం, అంతే" అన్నారు. మేం రాసింది ఏడు పేజీలు వచ్చింది, కాంపౌండ్ వాల్, కంప్యూటర్లు, నీళ్ళు, టాయిలెట్లు అన్నీ ఉన్నాయి అందులో. ఒక్క పేజీలోకి ఎలా తేవాలి?

సమాధానం:

ఏడు పేజీలని కుదించి ఒకటి చేద్దామని మాత్రం కూర్చోకండి, అవ్వదు. ఏ వాక్యం తీద్దామన్నా ముఖ్యమైందే అనిపిస్తుంది, చివరికి ఫాంట్ 8కి దించేసి మార్జిన్లు అంచుదాకా లాగేసి చీమల బారులాంటి పేజీ ఒకటి పంపుతారు. నేను ఓ ఎనిమిదేళ్ళు అవతలివైపు కూర్చుని కంపెనీ తరఫున ఇవి చదివే పని చేశా, అంతకుముందు ఊళ్ళు తిరిగి రాసే పనీ చేశా, అలాంటి పేజీలు సగం దాకా కూడా ఎవరూ చదవరండీ. ఒక పేజీలో ఒక సమస్యే పడుతుంది. మీ నాలుగింట్లో ఒకటి తీసుకోండి, మిగతా మూడూ వచ్చే ఏడాదికి.

ఏది తీసుకోవాలంటే, మీరు మీ చేతులతో కొలవగలిగినది. ఎందుకంటే ఈ నాలుగు భాగాలూ నాలుగు వేరువేరు గదులు కావు, ఒకే అంకె వాటి మధ్యన దారంలా పోవాలి. సమస్యలో ఏ అంకె పెట్టారో ఫలితంలో అదే అంకె మారి కనపడాలి, మధ్యలో ఉన్న పనీ ఖర్చూ ఆ అంకెని మార్చడానికే ఉండాలి. ఉత్తినే చెప్తే గాల్లో మాటలా ఉంటుంది కాబట్టి నేను దగ్గరుండి రాయించిన ఒక పేజీ ఎలా తయారైందో మొత్తం చెప్తా, పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

కనిగిరి వైపు ఒక హైస్కూల్, 240 మంది పిల్లలు. పదో తరగతి పాత బ్యాచ్ వాళ్ళు కలిసి ఒక కాగితం రాసుకొచ్చారు. సమస్య అన్న చోట "పాఠశాలలో తీవ్రమైన నీటి ఎద్దడి నెలకొని ఉన్నందున విద్యార్థినులు తీవ్ర ఇబ్బందులకు గురవుతున్నారు" అని రాశారు. పరిష్కారం కొత్త బోరు. ఖర్చు 2,20,000. ఫలితం "బాలికల విద్య మెరుగుపడును". చదవడానికి తప్పేం లేదు, కానీ ఇలాంటి వాక్యం ఏ జిల్లాలో ఏ స్కూల్ పేరు పెట్టినా సరిపోతుంది, అదే దాని జబ్బు. నేను ఒకటే అడిగా, ట్యాంక్ ఎన్ని గంటలకి ఖాళీ అవుతుంది అని. నలుగురూ మొహాలు చూసుకున్నారు. ఒకతను స్కూల్ ఆయమ్మకి ఫోన్ కలిపాడు, ఆమె టక్కున చెప్పింది, "ఇంటర్వెల్ దాకా వస్తాయి సార్, అన్నం బెల్లుకి ఉండవు" అని. వాళ్ళు రాసిన పేజీ మొత్తం కంటే ఆ ఒక్క ముక్కలో విషయం ఎక్కువ ఉంది.

అక్కడినుంచి కొలవడం మొదలెట్టాం. ఫిబ్రవరిలో వరసగా 12 పనిరోజులు ఆయమ్మ మధ్యాహ్నం అన్నం బెల్ కొట్టగానే ట్యాంక్‌లో నీళ్ళున్నాయో లేవో ఒక నోట్‌బుక్‌లో టిక్ పెట్టింది. 12లో 9 రోజులు ఖాళీ. హెడ్మాస్టర్ గారిని బతిమాలి ఆ 12 రోజులే ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లల్ని పొద్దున ఒకసారి, అన్నాల తర్వాత ఒకసారి లెక్క పెట్టించాం. సగటున పొద్దున 62 మంది, మధ్యాహ్నం 51. అంటే రోజూ పదకొండు మంది అన్నానికి ఇంటికి వెళ్ళి తిరిగి రావట్లేదు. అందరూ నీళ్ళ వల్లే వెళ్తున్నారని మేం అనుకోలేదు, పేజీలో అలా రాయలేదు కూడా, దాని సంగతి ఫలితం దగ్గర చెప్తా.

ఫిబ్రవరే ఎందుకంటే మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు వచ్చేస్తాయి కదా, అప్పుడు మధ్యాహ్నం లెక్క అనేదే ఉండదు. ఈ చిన్న విషయం మర్చిపోయి "మార్చి, ఏప్రిల్‌లో మధ్యాహ్నపు హాజరు పెరుగుతుంది" అని రాసిన ప్రపోజల్ ఒకటి నా టేబుల్ మీదకే వచ్చింది ఒకసారి. రాసినవాళ్ళు స్కూల్ గేట్ లోపలికి వెళ్ళలేదని ఆ ఒక్క లైన్‌తో తెలిసిపోయింది.

తర్వాత బోరు. బోరు ఎండిపోయింది అని ఊళ్ళో అందరూ అంటున్నారు. నీళ్ళు అసలే తక్కువుండే ఏప్రిల్‌లో ఒక రోజు వెళ్ళి 20 లీటర్ల బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాం. మోటార్ వేస్తే బకెట్ 40 సెకన్లలో నిండింది, అంటే నిమిషానికి 30 లీటర్లు. 50 నిమిషాలు బాగా పోసి తర్వాత గాలి కక్కడం మొదలెట్టింది. ఆపేసి మూడు గంటలాగి మళ్ళీ వేస్తే మళ్ళీ అంతే పోసింది. అంటే బోరు ఎండలేదు, మెల్లగా ఊరుతోంది. పొద్దున తొమ్మిదికి ఒకసారి మోటార్ వేసి మేడ మీదున్న 1,000 లీటర్ల ట్యాంక్ నింపుతారు, అది ఇంటర్వెల్‌కి అయిపోతుంది, మళ్ళీ వేస్తే ఒక్కోసారి వస్తాయి ఒక్కోసారి రావు, మోటార్ కాలిపోతుందేమోనని భయపడి ఎవరూ వెయ్యరు. రాత్రంతా బోరులో ఊరిన నీళ్ళు పట్టుకోవడానికి చోటు లేదు. సమస్య నీళ్ళు లేకపోవడం కాదు, నిల్వ లేకపోవడం.

ఇది తేలేసరికి కొత్త బోరు అన్న ఆలోచనే పోయింది. ఆ ప్రాంతంలో కొత్త బోరంటే జూదమే, ఎన్ని అడుగులు వేసినా పడొచ్చు, పడకపోవచ్చు, అడుక్కింతని రిగ్ వాడికి మాత్రం కట్టాల్సిందే. పైగా నీళ్ళు, నేల, చెట్ల రక్షణకి పెట్టిన వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. బోరు పడకపోతే డబ్బులిచ్చిన కంపెనీకి చూపించడానికి ఒక గుంత మాత్రం మిగుల్తుంది. ప్రపోజల్ చదివేవాడు ఇలాంటిది చూడగానే "పడకపోతే?" అని పెన్నుతో పక్కన రాసుకుంటాడు, నేనూ రాసేవాణ్ణి.

ఇంకో కుర్రాడు మధ్యలో వాన నీళ్ళ ట్యాంక్ కడదాం అన్నాడు, ఈ మధ్య అందరికీ నచ్చే మాట అది. లెక్క వేసి చూపించా. ఒక చదరపు మీటర్ కప్పు మీద ఒక మిల్లీమీటర్ వాన పడితే ఒక లీటర్, కాబట్టి ఏడాది మొత్తమ్మీద నీళ్ళు బాగానే వస్తాయి, కానీ అక్కడ వానలు జూన్ నుంచి నవంబర్ దాకా, కరువు ఫిబ్రవరి తర్వాత. రోజుకి 4,000 లీటర్ల చొప్పున నెలకి 25 పనిరోజులు, రెండు నెలలు దాచాలన్నా రెండు లక్షల లీటర్ల సంపు కావాలి. ఐడియా మంచిదే, ఈ సమస్యకి మందు కాదు.

ఆ 4,000 ఎక్కడిది అంటారా, పుస్తకంలోది కాదు. డే స్కూల్‌కి పిల్లాడికి రోజుకి 45 లీటర్లు అని ప్రమాణాల్లో ఉంటుంది, అది పట్టుకుంటే 240 మందికి 10,800 లీటర్లు వస్తుంది, ట్యాంకులు రెట్టింపు, ఖర్చు రెట్టింపు. వానాకాలంలో నీళ్ళకి లోటు లేని రోజుల్లో ఆ ట్యాంక్ రోజుకి ఎన్నిసార్లు నింపేవాళ్ళో ఆయమ్మని అడిగాం, నాలుగుసార్లు అంది. వాళ్ళ అసలు వాడకం అదీ. బకెట్‌తో పోసుకునే టాయిలెట్లకి, చేతులు కడుక్కోవడానికి, ప్లేట్లు కడగడానికి సరిపోతోంది. పేజీలో ఏ అంకె రాసినా అది ఎలా వచ్చిందని అడిగితే ఒక్క వాక్యంలో చెప్పగలగాలి, లేదంటే తీసెయ్యండి.

ఇప్పుడు పేజీ సంగతి. ఎ4 కాగితం, ఒకవైపే, చుట్టూ రెండు సెంటీమీటర్ల మార్జిన్, ఫాంట్ 11కి తగ్గొద్దు. తెలుగులో రాస్తే అక్షరాలకి పైనా కిందా ఒత్తులు, గుడులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య ఇంకాస్త చోటు కావాలి, ఇంగ్లిష్‌లో 400 పదాలు పట్టే పేజీలో తెలుగులో 250 పడితే గొప్ప. చదివేది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చున్న టీమ్ అయితే ఇంగ్లిష్‌లో పంపండి, మీ ఎన్నారై బ్యాచ్‌మేట్స్‌కో ఊళ్ళో దాతలకో అయితే తెలుగే బాగుంటుంది. ఏదైనా PDF చేసి పంపండి, వర్డ్ ఫైల్ పంపితే అవతల కంప్యూటర్‌లో ఫాంట్ మారిపోయి ఒక పేజీ కాస్తా ఒకటీపావు అవుతుంది, ఆ పావు పేజీలో మీ ఖర్చు టోటల్ వెళ్ళి కూర్చుంటుంది.

అన్నిటికంటే పైన, హెడ్డింగ్ కిందే, ఎంత అడుగుతున్నారో రాసెయ్యండి. మనవాళ్ళకి డబ్బు మాట ముందు ఎత్తడం మొహమాటం, చివరిదాకా సాగదీసి ఆఖర్లో మెల్లగా అడుగుతారు. చదివేవాడు మాత్రం ముందు అదే వెతుక్కుంటాడు, దొరకకపోతే చిరాకు పడతాడు. మా పేజీ పైన ఇలా ఉంది: "హైస్కూల్ టాయిలెట్లకి రోజంతా నీళ్ళు: నిల్వ ట్యాంక్, టైమర్ మోటార్. మొత్తం ఖర్చు రూ.1,47,000. పాత విద్యార్థులు రూ.40,000 వేసుకున్నారు. మీ నుంచి కోరుతున్నది రూ.1,07,000." కొట్టొచ్చినట్టు కనపడేలా బోల్డ్‌లో. "పాఠశాల సమగ్రాభివృద్ధి" లాంటి టైటిల్స్ వద్దు, టైటిల్ చదవగానే ఏం పనో తెలియాలి.

సమస్యకి ఆరు లైన్లు ఇచ్చాం. ఏం రాశామంటే: "240 మంది పిల్లలున్న స్కూల్‌లో ఉన్నది 1,000 లీటర్ల ట్యాంక్ ఒక్కటే. ఫిబ్రవరిలో 12 పనిరోజులు గమనిస్తే 9 రోజులు మధ్యాహ్న భోజనం టైముకే ఖాళీ అయింది. ఆ రోజుల్లో 8 నుంచి 10 తరగతుల ఆడపిల్లలు పొద్దున సగటున 62 మంది ఉంటే మధ్యాహ్నం 51 మందే ఉన్నారు. టాయిలెట్లు కట్టి ఉన్నాయి, నీళ్ళు అందకే వాడట్లేదు. బోరు ఎండలేదు, ఏప్రిల్‌లో పరీక్షిస్తే 50 నిమిషాలు పోసి మూడు గంటల్లో మళ్ళీ ఊరుతోంది." అంతే. ఇబ్బంది, దుస్థితి, తీవ్రం, దయనీయం అన్న మాట ఒక్కటి కూడా లేదు చూడండి.

"టాయిలెట్లు కట్టి ఉన్నాయి" అన్న లైన్ ఎందుకంటే, ప్రభుత్వ స్కూల్ అనగానే అవతలివాళ్ళు అడిగే మొదటి మాట, ఇది ప్రభుత్వ పథకంలో రాలేదా అని. ఆంధ్రాలో నాడు-నేడు, తెలంగాణలో మన ఊరు మన బడి, రెండింట్లోనూ నీటి వసతితో టాయిలెట్లు అనే అంశం ఉండేది. వాళ్ళు ఆ పేర్లు ఎరుగుదురు. కాబట్టి అక్కడ ఏది వచ్చింది, ఏది మిగిలిపోయింది అని మీరే ముందు రాసేస్తే ఒక మెయిల్, పది రోజులు మిగుల్తాయి.

చేసే పనికి ఎనిమిది లైన్లు. ఇక్కడ మనవాళ్ళు చేసే తప్పేంటంటే వస్తువుల పేర్లు రాసేసి ఊరుకోవడం, ట్యాంక్, మోటార్, పైపులు అని. పని ఎలా నడుస్తుందో రాయాలి. మాది ఇలా: నేల మీద దిమ్మె కట్టి దాని మీద 5,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంక్. బోరు మోటార్‌కి టైమర్, సాయంత్రం ఆరుకి, రాత్రి పదికి, రెండింటికి, పొద్దున ఆరుకి, నాలుగుసార్లు 45 నిమిషాల చొప్పున నడుస్తుంది. ఒక్కోసారికి 1,350 లీటర్లు, ఏప్రిల్‌లో కూడా నాలుగుసార్లకి 5,400, రోజు అవసరం 4,000. కింది ట్యాంక్ నిండితే ఫ్లోట్ స్విచ్ ఆపేస్తుంది, బోరులో నీళ్ళు తగ్గితే మోటార్ కాలిపోకుండా డ్రై రన్ ప్రివెంటర్ ఆపేస్తుంది. పగలు అర హెచ్‌పీ మోటార్ ఒకటి కింది ట్యాంక్ నుంచి మేడ మీది పాత ట్యాంక్‌కి ఎప్పటికప్పుడు ఎక్కిస్తుంది. ఎవరూ స్విచ్ వెయ్యక్కర్లేదు.

పెద్ద ట్యాంక్ మేడ మీదే పెట్టొచ్చు కదా, రెండో మోటార్ ఖర్చు మిగుల్తుంది అని కమిటీలో ఒక పెద్దాయన అడిగారు, న్యాయమైన ప్రశ్నే. 5,000 లీటర్లంటే అయిదు టన్నుల బరువండీ, పాత స్లాబు, కింద క్లాస్‌రూమ్. ఇంజినీర్ చూసి సంతకం పెడితే తప్ప ఆ మాట రాయకూడదు. దీనికి పేజీలో అర లైన్ ఖర్చుపెట్టాం, "పాత స్లాబు మీద బరువు పడకుండా నేల మీదే" అని. ఆ అర లైన్ వల్ల రాసినవాళ్ళకి విషయం తెలుసని అవతలివాళ్ళకి అర్థమైంది, తర్వాత ఫోన్‌లో వాళ్ళే చెప్పారు.

ఇంకో అర లైన్, "ఈ నీళ్ళు టాయిలెట్లకీ కడగడానికే, తాగడానికి కాదు". కనిగిరి చుట్టుపక్కల ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, బోరు నీళ్ళు అనగానే ఆ ప్రశ్న వస్తుంది. మీ పనికి కూడా ఇలాంటి ఒక పెద్ద అనుమానం ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని దాచకుండా అక్కడికక్కడే కొట్టెయ్యండి. ఆఖర్న ఒక లైన్ షెడ్యూల్, దసరా సెలవుల్లో దిమ్మె, ట్యాంక్, తర్వాత రెండు వారాల్లో మోటార్, వైరింగ్, టాయిలెట్ రిపేర్లు.

ఖర్చు మాత్రం చిన్న పట్టికగా పెట్టండి, పేరాగా రాస్తే ఎవరూ కూడుకోరు. ఇవి అప్పట్లో వాళ్ళు తెచ్చిన కొటేషన్ల రేట్లు, మీ ఊళ్ళో మీ టైమ్‌కి వేరే ఉంటాయి, వరస చూడండి చాలు:

5,000 లీటర్ల ట్యాంక్: 38,000
దిమ్మె, సిమెంట్ పని: 22,000
అర హెచ్‌పీ మోటార్: 6,500
టైమర్ ప్యానెల్, ఫ్లోట్ స్విచ్‌లు, డ్రై రన్ ప్రివెంటర్: 14,500
పైపులు, వాల్వులు, వైరు: 18,000
టాయిలెట్లలో కుళాయిలు, గడియలు, రిపేర్లు: 24,000
ప్లంబర్, ఎలక్ట్రీషియన్ కూలి: 17,000
అనుకోని ఖర్చులు 5 శాతం: 7,000
మొత్తం: 1,47,000

పట్టిక కింద ఒక లైన్, "అన్ని రేట్లూ జీఎస్టీ కలిపి, ఒక్కోదానికి రెండు కొటేషన్లు మా దగ్గరున్నాయి". జీఎస్టీ మాట మర్చిపోయి తర్వాత చేతి నుంచి వేసుకున్నవాళ్ళని చాలామందిని చూశా. షాపువాడు ఫోన్‌లో చెప్పే రేటు మామూలుగా ట్యాక్స్ లేని రేటు, బిల్లు అడగ్గానే పెరుగుతుంది, కంపెనీకి బిల్లు తప్పనిసరి. అలాగే రవాణా, ఒంగోలు నుంచి ట్యాంక్ తేవాలంటే ఆటో ట్రాలీ కిరాయి ఎవరిది అని ముందే అడగాలి, మా ట్యాంక్ రేటులో అది కలిసే ఉంది. ఇంకోటి, అన్నీ గుండు సున్నాలతో 50,000, 30,000, 20,000 అని ఉంటే అడగకుండా ఊహించి రాశారని తెలిసిపోతుంది, అలాగని 14,487 అని రాసినా నవ్వొస్తుంది, వందలకి రౌండ్ చేస్తే చాలు.

టాయిలెట్ కుళాయిల 24,000 చూసి ఇదేంటి నీళ్ళ ప్రాజెక్ట్‌లో అనిపించొచ్చు. నిజానికి మొదటి డ్రాఫ్ట్‌లో అది లేదు. నీళ్ళు వచ్చినా లోపల కుళాయి విరిగి గడియ పడకపోతే ఆడపిల్లలు ఆ గదిలోకి వెళ్ళరు, 51 అనేది 51గానే ఉంటుంది. ఫలితంలో మనం చెప్పిన అంకె మారాలంటే ఏమేం జరగాలో వెనక్కి నడుచుకుంటూ వస్తే ఈ ఖర్చు బయటపడింది. అదే పద్ధతిలో రెండు ఖర్చులు ఎగిరిపోయాయి కూడా, గోడల మీద నినాదాలు రాయించడం, ప్రారంభోత్సవం. శిలాఫలకం మాత్రం కంపెనీవాళ్ళే అడుగుతారు, వాళ్ళ డబ్బుతో వాళ్ళే పెట్టుకుంటారు లెండి.

పట్టిక పక్కనే ఇంకో ముక్క ఉండాలి, తర్వాత ఎవరు చూసుకుంటారు అనేది. మేం రాసింది: "ట్యాంక్ కడగడం, మోటార్ సర్వీసింగ్‌కి ఏడాదికి రూ.6,000, మూడేళ్ళకి రూ.18,000 పాత విద్యార్థులది. కరెంటు బిల్లు స్కూల్‌ది, హెడ్మాస్టర్ ఒప్పుకున్నారు." ఈ డబ్బు పైన చెప్పిన 1,47,000లో కలపలేదు, కలిపితే కంపెనీని మూడేళ్ళ మెయింటెనెన్స్ అడుగుతున్నట్టు అవుతుంది, చాలామంది దానికి ఒప్పుకోరు.

ఫలితానికి నాలుగు లైన్లే. "ట్యాంక్ పెట్టడం" ఫలితం కాదు, అది పని. "బాలికల విద్య మెరుగుపడును" ఫలితమే కానీ ఎవరూ చూపించలేరు. ఈ రెంటికీ మధ్యలో ఉండాలి. మేం రెండు రాశాం. మొదటిది మాట ఇచ్చినట్టు: "వచ్చే ఫిబ్రవరిలో మళ్ళీ 12 పనిరోజులు ఇదే పద్ధతిలో చూస్తాం, భోజనం టైముకి ట్యాంక్ ఖాళీ అయ్యే రోజులు 9 నుంచి 1కి మించకుండా ఉండాలి." అదే నెల, అదే నోట్‌బుక్, అదే బెల్. వానాకాలంలో కొలిచి ఫిబ్రవరితో పోలిస్తే అది మోసం, మన పని లేకపోయినా వానాకాలంలో నీళ్ళుంటాయి. ఆ ఒక్క రోజు ఎందుకు వదిలామంటే కరెంటు పోవచ్చు, మోటార్ రిపేర్ రావొచ్చు, సున్నా అని రాస్తే మనమే ఇరుక్కుంటాం.

రెండోది మాట ఇవ్వకుండా: "మధ్యాహ్నం ఉండే ఆడపిల్లల సంఖ్యనీ లెక్కపెట్టి చెప్తాం, 51 నుంచి 57 దాటుతుందని ఆశిస్తున్నాం, ఇంటికి వెళ్ళడానికి వేరే కారణాలు కూడా ఉండొచ్చు." ఈ ఆఖరి ముక్క తీసెయ్యమని బ్యాచ్‌లో పెద్ద గొడవే జరిగింది, బలహీనంగా ఉంది అన్నారు. నేను ఉండనిమ్మన్నా. పొలం పనుల రోజుల్లో, జాతర్లప్పుడు, ఇంట్లో చిన్నపిల్లలుంటే, సవాలక్ష కారణాలకి వెళ్తారు, ఒక ట్యాంక్‌తో అందరూ ఆగిపోతారంటే చదివేవాడు నమ్మడు. పదో తరగతి పాస్ పర్సెంటేజ్ పెరుగుతుందని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో రాయొద్దు.

పేజీ అడుగున రెండు లైన్లలో డబ్బు ఎవరి ఖాతాకి వెళ్తుందో రాయాలి, ఇది మర్చిపోతే మిగతాది ఎంత బాగున్నా ఆగిపోతుంది. వాట్సాప్ గ్రూపుకి కంపెనీ సీఎస్ఆర్ డబ్బు, అంటే లాభాల్లోంచి సమాజం కోసం చట్టప్రకారం ఖర్చుపెట్టాల్సిన డబ్బు, ఇవ్వలేదు. వేరే సంస్థ ద్వారా చేయించాలంటే ఆ సంస్థ రిజిస్టర్ అయిన ట్రస్టో సొసైటీయో అయుండి, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12A, 80G రిజిస్ట్రేషన్లు ఉండి, మూడేళ్ళు ఇలాంటి పనులు చేసిన అనుభవం ఉండి, కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖకి CSR-1 ఫారం పెట్టి నంబర్ తెచ్చుకుని ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి ఆ నంబర్ తప్పనిసరి. మీకు అది లేకపోతే ఉన్న లోకల్ సంస్థతో కలవండి, లేదా కంపెనీనే నేరుగా షాపువాళ్ళకి బిల్లులు కట్టమని అడగండి, కంపెనీ తనే చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. మావాళ్ళు పక్క టౌన్‌లో ఉన్న ఒక సొసైటీ ద్వారా వెళ్ళారు. హెడ్మాస్టర్ ఒప్పుకోలు ఉత్తరం, తల్లిదండ్రుల కమిటీ తీర్మానం, కొటేషన్లు, ఆయమ్మ నోట్‌బుక్ ఫొటో, ఇవన్నీ పేజీలో ఇరికించకండి, "అడిగితే పంపుతాం" అని ఒక్క లైన్, వేరే ఫోల్డర్‌లో సిద్ధంగా ఉంచుకోండి. ఆ ఏడు పేజీలు కూడా అందులోనే పెట్టుకోండి, రెండో రౌండ్‌లో ప్రశ్నలొస్తే జవాబులు అక్కడే దొరుకుతాయి.

టైమింగ్ గురించి ఒకటి. కంపెనీలు ఆ ఏడాది సీఎస్ఆర్ డబ్బు మార్చి 31 లోపల ఖర్చు పెట్టాలి, మిగిలితే ప్రభుత్వం చెప్పిన నిధుల్లో వేసెయ్యాల్సి వస్తుంది (చాలా ఏళ్ళు నడిచే ప్రాజెక్టులకి వేరే రూల్ ఉంది). అందుకని జూన్, జులైలో పంపితే నిదానంగా చదువుతారు, జనవరిలో పంపితే అయిదారు వారాల్లో అయిపోయే చిన్న పని అయితేనే ముట్టుకుంటారు. మావాళ్ళు జూన్‌లో పంపారు.

పంపే ముందు ఆ పేజీని స్కూల్‌తో సంబంధం లేని ఒకరికి ఇచ్చి రెండు నిమిషాల్లో లాక్కోండి, ఎంత అడిగాం, దేనికి, పని అయిందని ఎలా తెలుస్తుంది అని అడగండి. మేం ఒకతని బావమరిదికి ఇచ్చాం, మెడికల్ షాపు ఆయనది. మూడింటికీ చెప్పాడు కానీ "టైమర్ సరే, వేసవి సెలవుల్లో కూడా రోజూ నాలుగుసార్లు నడుస్తుందా" అని అడిగాడు. మాకెవరికీ తట్టలేదది. ట్యాంక్ నిండితే ఫ్లోట్ స్విచ్ ఎలాగూ ఆపుతుంది కానీ సెలవుల్లో ఎక్కడైనా పైపు లీకైతే చూసే నాథుడుండడు, బోరు నీళ్ళన్నీ రోజూ నేలపాలే. "సెలవుల్లో మెయిన్ ఆఫ్, బాధ్యత వాచ్‌మన్‌ది" అని చేర్చాం, దానికి చోటు కోసం మా బ్యాచ్ గొప్పదనం గురించి ఉన్న లైన్ తీసేశాం. నెల తర్వాత కంపెనీ నుంచి ఫోన్ వస్తే వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న బోరు ఏప్రిల్‌లో నిజంగా చూశారా అని, రెండోది ఆయమ్మ నోట్‌బుక్ ఫొటో పంపమని.